గోడ మీది మరక ఫొటోలోనూ కనబడాలి

అమ్మకానికి పెట్టిన ఇంటి ఫొటోలను సరిచేయడం తప్పు కాదు. సరిచేయకుండా పెడితేనే చాలాసార్లు ఇంటికి అన్యాయం జరుగుతుంది. గదిలో నిలబడి చూస్తే మన కన్ను కిటికీ వెలుగుకూ, మూలల్లోని నీడకూ వెంటవెంటనే సర్దుకుంటుంది. కెమెరాకు అంత వెసులుబాటు లేదు. కిటికీని లెక్కలోకి తీసుకుంటే గదిని చీకటి చేస్తుంది, గదిని తీసుకుంటే కిటికీని తెల్ల కాగితంలా చేసేస్తుంది. ఫోను కాస్త వంచి పట్టుకుంటే చాలు, నిలువుగా ఉన్న గోడలు ఒరిగిపోయినట్టు వస్తాయి. ఇవన్నీ కెమెరా చేసే పొరపాట్లు. వాటిని దిద్దడం మన పని. చిక్కేమిటంటే, ఆ పొరపాటును దిద్దే మీటనే ఇంకాస్త జరిపితే ఇంట్లోని లోపం కూడా మాయమైపోతుంది. ఎక్కడ ఆగాలో తెలియాలంటే ఒక గదిని తీసుకుని చూడాలి.

కూకట్‌పల్లిలో పదిహేనేళ్ల నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ అనుకుందాం. హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 11. నేల మీద రెండడుగుల చదరపు టైల్స్. ఒక చివర కిటికీ, దానికి ఎనిమిది అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. హాలుకూ బాత్రూమ్‌కూ మధ్య గోడ మీద, మోకాలి ఎత్తున, అడుగున్నర మేర చెమ్మ మరక. పసుపు, గోధుమ రంగులు కలిసినట్టుంది, అంచుల వెంట తెల్లగా ఉప్పు పొంగింది.

ముందు ఫోను పట్టుకోవడం దగ్గరే సగం నిజాయితీ ఉంది. ఇల్లు చూపించేవాళ్లు ఎక్కువమంది వెంటనే 0.5x నొక్కుతారు, గది మొత్తం పడుతుందని. పడుతుంది. కానీ ఎదురుగోడ మామూలు లెన్సులో కనిపించే దాంట్లో సుమారు సగం సైజుకు తగ్గిపోతుంది. చిన్నగా కనిపించింది కాబట్టి దూరంగా ఉందని చూసేవాళ్ల మనసు లెక్క వేసుకుంటుంది. అలా 16 అడుగుల హాలు ఫంక్షన్ హాల్లా తయారవుతుంది. ఎడిటింగ్ ఏమీ చేయలేదు కదా అని అమ్మేవాళ్లు అనుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే ‘ఇంతేనా’ అంటారు. అందుకే హాలు, బెడ్‌రూమ్‌లు మామూలు 1x లెన్సుతో, గుమ్మంలోనో మూలలోనో నిలబడి తీయాలి. ఒక్క ఫొటోలో పట్టకపోతే రెండు తీయాలి. బాత్రూమ్, చిన్న వంటగది లాంటి చోట్ల వెనక్కి జరగడానికి వీలుండదు, అక్కడ 0.5x తప్పదు. అప్పుడు కొలతను ఫొటో కిందే రాయాలి. నేను హాలు ఫొటో తీసేటప్పుడు నేల బాగా కనబడేలా చూస్తాను. పొడవునా ఎనిమిది టైల్స్, ఒక్కొక్కటి రెండడుగులు. కావాలనుకున్నవాళ్లు లెక్కపెట్టుకుంటారు.

ఫోనును కంటి ఎత్తున కాకుండా ఛాతీ ఎత్తున, నేల నుంచి నాలుగు, నాలుగున్నర అడుగుల దగ్గర నిటారుగా పట్టుకుంటే గోడలు ఒరగడం చాలావరకు తప్పుతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుని, తలుపు చట్రాన్ని ఒక నిలువు గీతకు ఆనించి చూసుకోవచ్చు. అయినా కొద్దిగా వాలు మిగిలితే Snapseed లాంటి యాప్‌లో Perspective అనే పనిముట్టుతో సరిచేస్తాం. అక్కడ ఒక జాగ్రత్త. ఫొటోను అలా వంచినప్పుడు అంచుల్లో ఖాళీలు ఏర్పడతాయి. యాప్ వాటిని Smart పద్ధతిలో నింపుతానంటుంది. అంటే పక్కనున్న గోడనూ సీలింగునూ చూసి, లేని గోడనూ లేని సీలింగునూ అతికిస్తుంది. పైమూలలో బీటో చెమ్మో ఉంటే దాని బదులు శుభ్రమైన గోడ వచ్చి కూర్చునే వీలుంది. అక్కడ నలుపు రంగు ఎంచుకుని, తర్వాత ఆ నల్లని అంచులను కత్తిరించేయడమే మంచిది. ఫొటో కొంచెం చిన్నదవుతుంది, కానీ అందులో ఉన్నదంతా ఆ ఇంట్లోదే అవుతుంది.

వాలు సరిచేసే మీట ఎక్కువ జరిపితే గది సాగుతుంది. పదడుగుల సీలింగు పదకొండడుగుల్లా కనిపిస్తుంది. పట్టుకోవడం తేలికే. తలుపు సాధారణంగా ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. ఎదురుగా ఉన్న తలుపు ఫొటోలో ఎత్తు వెడల్పుకు రెండింతల కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. మూడింతలైతే ఎవరో సాగదీశారన్న మాట. ఎదురుగోడ మీది గుండ్రటి గడియారం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే అనుమానమే అక్కర్లేదు.

ఇక వెలుతురు. నాకు అన్నింటికన్నా పట్టింపు ఉన్నది ఇక్కడే, ఎందుకంటే తెలియకుండానే మోసం జరిగేదీ ఇక్కడే. మన హాలు ఫొటోలో బాత్రూమ్ వైపు గోడ నీడలో పడింది. Tune Image తెరిచి Shadows పెంచుతాం, గోడ తేటపడుతుంది. కిటికీ వైపు తెల్లబారింది కాబట్టి Highlights తగ్గిస్తాం. ఇంతవరకూ గదిలో నిలబడిన మనిషి కంటికి కనిపించేదే ఫొటోలోకి వస్తోంది. పైగా కిటికీలోంచి పక్క అపార్ట్‌మెంట్ గోడ బయటపడుతుంది. చాలా ఫొటోల్లో కిటికీలు తెల్లగా వెలిగిపోతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ అవతల ఏముందో తెలియదు. బోలెడు ఆకాశం ఉందేమో అనుకుంటారు. అందుకే కిటికీ దగ్గరికి వెళ్లి, బయట ఏం కనిపిస్తుందో అదే చూపే ఫొటో విడిగా ఒకటి తీయాలి.

అసలు తంటా రంగు దగ్గర. ఇంట్లో పసుపు బల్బు వెలుగుతుంటే గోడలన్నీ పచ్చబడతాయి, కాబట్టి దిద్దాలి. కానీ చెమ్మ మరక కూడా పసుపే. ఫొటోలో పసుపును తగ్గించుకుంటూ పోతే గోడ తెల్లబడుతుంది, దానితోపాటు మరకా తెల్లబడుతుంది. ఆపైన వెలుతురు ఇంకాస్త పెంచితే గోడా మరకా ఉప్పు పొంగూ అన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. ఎవరూ మరకను వేలితో తుడవలేదు. అయినా అది పోయింది.

దీనికి నేను చేసే పని ఇది. బల్బులన్నీ ఆపేసి, పొద్దున పదీ పదకొండు మధ్య కిటికీ వెలుతురుతోనే తీస్తాను. రంగులు వేర్వేరుగా ఉన్న దీపాలు కలిస్తే ఏ మీటా సరిచేయలేదు. అదే గోడ మీద తెల్లటి ఎ4 కాగితం ఒకటి టేపుతో అంటించి ముందుగా ఒక ఫొటో తీస్తాను. ఆ ఫొటోలో White Balance తెరిచి, కాగితం తెల్లగా కనిపించేదాకా Temperature, Tint సర్దుతాను. ఆ అంకెలు రాసుకుని, కాగితం లేకుండా తీసిన ఫొటోలకు అవే పెడతాను. తెలుపు ఎక్కడ ఆగాలో కాగితం చెబుతుంది, ఇల్లు అమ్ముడుపోవాలన్న ఆత్రం కాదు. చివర్లో ఫొటో మీద వేలు నొక్కిపట్టి దిద్దకముందు ఎలా ఉందో చూస్తాను, నేరుగా మరక దగ్గరే చూస్తాను. నీడ తొలగించాం కాబట్టి మరక ముందుకన్నా స్పష్టంగా కనబడాలి. ముందుకన్నా మసకబారిందంటే ఎక్కడో హద్దు దాటాను, వెనక్కి జరుపుతాను. గోడల బీటల విషయంలోనూ ఇదే పరీక్ష. గరుకు తగ్గించి నునుపు చేసే మీటలు సన్నటి బీటలను మింగేస్తాయి, కాబట్టి గోడల ఫొటోల్లో వాటి జోలికి పోను.

ఇల్లు చూపించే బ్రోకర్లు తరచూ అంటారు, “ఆ మరకొక్కటి తీసెయ్ అన్నా, రంగేస్తే పోయేదేగా” అని. Healing అనే పనిముట్టుతో నాలుగు సెకన్ల పని అది. కానీ రంగు వేస్తే పోయేది మరకే. గోడ అవతల బాత్రూమ్ పైపు కారుతుంటే చెమ్మ మళ్లీ పైకి వస్తుంది. అంటే ఆ మరక అలంకారానికి సంబంధించినది కాదు, కొనేవాళ్లు పెట్టాల్సిన ఖర్చుకు సంబంధించినది. తీసేయవలసినవి ఉన్నాయి, అవి చీపురు, బకెట్, దండెం మీద బట్టలు. వాటినీ యాప్‌లో కాదు, ఫొటోకు ముందు చేత్తోనే తీసేయాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లారీలో వెళ్లిపోయే వస్తువు పక్కకు జరగవచ్చు. కొన్నవాళ్లకు ఇంటితోపాటు దక్కేది ఫొటోలో ఉండాల్సిందే. బాల్కనీ ముందరి ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు తీగలు, విరిగిన టైలు కూడా అంతే.

చట్టం కూడా ఈ వైపే ఉంది. పాత ఇల్లు అమ్మే వ్యక్తికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ఒక బాధ్యత పెట్టింది. తనకు తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాళ్లకు బయటపడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లే చెప్పాలి. బిల్డర్లకు 2016 రెరా చట్టం 12వ సెక్షన్ వర్తిస్తుంది. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి, వాళ్లు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇవ్వాలి. మనవాళ్లు ఎంతోమంది ఉంటున్న కాలిఫోర్నియాలో ఇంకాస్త స్పష్టమైన చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి ప్రకటనలో ఫొటోను మార్చి ఏదైనా చేర్చినా తీసేసినా ఆ సంగతి చెప్పి, అసలు ఫొటో చూసే దారి కూడా ఇవ్వాలి. వెలుతురు, రంగు, వాలు సరిచేయడం, కత్తిరించడం లాంటి మామూలు దిద్దుబాట్లు ఇంటి రూపాన్ని మార్చనంతవరకు ఆ నియమం కిందికి రావు. మనం హాల్లో గీసుకున్న గీతా ఇదే.

మరక దగ్గరి ఫొటో కూడా ఒకటి పెట్టండి. పక్కన టేపు కొలత పట్టుకుని తీసి, కింద రెండు మాటలు రాయండి: ‘హాలు, బాత్రూమ్ వైపు గోడ. అడుగున్నర మేర చెమ్మ. పైపు మార్చాలి, ఇంకా మార్చలేదు.’ ప్లంబర్ చెప్పిన ఖర్చు తెలిస్తే అదీ రాయండి. డాలస్‌లో కూర్చుని ఫొటోలు చూసి, హైదరాబాద్‌లో ఉన్న బావగారిని చూసిరమ్మని పంపేవాళ్లు ఎంతోమంది. ఆ బావగారు ఇంటికి వచ్చేసరికి ఆ ఖర్చు బేరంలో ముందే కలిసి ఉంటుంది. గుమ్మంలో నిలబడి కొత్తగా గొడవ పడేందుకు ఏమీ ఉండదు.

పంపేటప్పుడు ఇంకొకటి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలు కుదించుకుపోయి, సన్నటి బీటలూ ఉప్పు పొంగూ అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. దిద్దిన ఫొటోతోపాటు దిద్దనిదీ పంపండి. కొనేవాళ్లయితే దాన్ని అడిగి తీసుకోండి, గది చుట్టూ ఆపకుండా తిప్పి తీసిన వీడియో కూడా అడగండి. దిద్దని ఫొటో ఇవ్వడానికి వెనకాడుతున్నారంటే, ఇంటిని స్వయంగా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.