అట్టమీదికి మూడో ఫొటో

ఫొటోగ్రాఫర్ మూడు ఫొటోలు పంపిస్తాడు. పది రోజులకి పత్రిక ఆఫీసు నుంచి జవాబు వస్తుంది: "మూడోది వేస్తున్నాం, ధన్యవాదాలు." చాలా చోట్ల వ్యవహారం అంతటితో సరి. మిగతా రెండూ ఎందుకు పనికిరాలేదో అతనికి తెలియదు. బాగాలేవు కాబోలు అనుకుంటాడు. తరవాతిసారి కూడా అంచనా మీదే మరో మూడు పంపిస్తాడు.

ఆ జవాబుని వివరంగా, ఒక పేజీ ఉత్తరంగా రాసే ఎడిటర్లూ ఉన్నారు. అలాంటి ఉత్తరంలో ఏముంటుందో తెలియాలంటే ఒక ఉదాహరణ కల్పించుకుని చూడాలి. ఒక తెలుగు మాసపత్రిక పోచంపల్లి ఇక్కత్ మీద ముఖచిత్ర కథనం వేస్తోంది. చీర అందాల గురించి ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి, ఈ కథనం నేతకి ముందు జరిగే ఆసు పని మీద నడుస్తుంది. ఆసు పోయడమంటే, అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకులకీ వాటికి ఎదురుగా ఉన్న మరో మేకుకీ మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకి కావలసిన దారం సిద్ధం కావాలంటే చెయ్యి కొన్ని వేలసార్లు కదలాలి. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు, భుజాలు పడిపోయేదీ వాళ్లకే. చింతకింది మల్లేశం తల్లి పడే ఈ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఫొటోగ్రాఫర్ పంపిన మొదటి ఫొటోలో గుంటమగ్గం మీద నేతగాడు ఉన్నాడు. అడ్డంగా తీసిన ఫొటో, ఫ్రేమంతా దారాలే. రెండోదాంట్లో ఒకామె నెమలికంఠం రంగు పట్టుచీర పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వుతోంది. మూడోది నిలువు ఫొటో. ఒక పెద్దామె గోడపక్కన కూర్చుని ఆసు పోస్తోంది. ముఖం పక్కకి తిరిగి ఉంది, కదులుతున్న చెయ్యి అలుక్కుపోయినట్టు పడింది. ఫొటోగా చూస్తే మూడింటిలోకీ మొదటిదే గొప్పది. ఎడిటర్ ఆ మాట దాచకుండా ఉత్తరం మొదట్లోనే ఒప్పుకోవడం మంచిది. "మగ్గం ఫొటో చూసి ఆఫీసులో అందరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అయినా అట్టమీద మూడోది వేస్తున్నాం. కారణాలు చెప్పాలి" అని మొదలుపెడితే, తరవాతి మాటలు వినడానికి ఫొటోగ్రాఫర్ సిద్ధంగా ఉంటాడు.

మొదటి కారణం స్థలం. అట్ట పైభాగంలో దాదాపు నాలుగో వంతు పత్రిక పేరుకే పోతుంది. దానికింద ముఖ్యశీర్షిక, పక్కన లోపలి కథనాల పేర్లు రెండో మూడో, ఒక మూల ధర. ఇవన్నీ ఫొటో మీదే కూర్చోవాలి. అక్షరాల వెనక దారాలూ అద్దకపు గళ్లూ ఉంటే ఏ రంగులో అచ్చువేసినా చదవలేం. మగ్గం ఫొటోలో ఖాళీ అన్నదే లేదు, దాని బలమే అది. ఆసు ఫొటోలో ఆమె తలపైన సున్నం వేసిన గోడ ఉంది. ఫొటోగ్రాఫర్ దాన్ని కత్తిరించకుండా వదిలేశాడు కాబట్టే అట్టకి పనికొచ్చింది. ఎంతోమంది ఫొటోలు పంపేముందు ఆ 'వృథా' భాగాన్ని తీసేసి, మనిషిని ఫ్రేమంతా నింపి పంపిస్తారు. అలా చేస్తే పేరు వెయ్యడానికి చోటుండదు.

అడ్డంగా ఉన్న ఫొటోని నిలువుగా కత్తిరించుకోవచ్చు కదా అని అడిగితే, ఎడిటర్ లెక్క చూపించగలగాలి. అట్ట 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు అనుకుందాం. అచ్చయ్యాక అంచులు కోస్తారు కాబట్టి నాలుగు వైపులా సుమారు 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. నాణ్యంగా అచ్చుకావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలని పరిశ్రమలో వాడుక. ఆ లెక్కన ఎత్తులో దాదాపు 3,400 పిక్సెళ్లు ఉండాలి. 6,000 × 4,000 పిక్సెళ్ల అడ్డం ఫొటోలోంచి నిలువు ముక్క కోస్తే ఎత్తు 4,000 మిగులుతుంది, అంటే చాలినంత. కానీ వెడల్పులో సగమే మిగులుతుంది. మగ్గానికి ఒక చివర కూర్చున్న నేతగాణ్ని ఉంచితే దారాలు పోతాయి, దారాలు ఉంచితే నేతగాడు పోతాడు.

ఈ ఇబ్బందికి అడ్డదారి వెతికితే ఏమవుతుందో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరిలో చూసింది. గోర్డన్ గహాన్ తీసిన గీజా పిరమిడ్ల ఫొటో అడ్డంగా ఉంది. దాన్ని నిలువు అట్టకి సరిపెట్టడం కోసం కంప్యూటరు సాయంతో ఒక పిరమిడ్‌ని రెండోదానికి దగ్గరగా జరిపారు. ఆ అట్ట మీద పెద్ద దుమారం రేగింది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని పేరున్న పత్రిక పిరమిడ్లనే కదిపిందన్న మాట చాలాకాలం దాన్ని వెంటాడింది. కత్తిరించి వేయలేని ఫొటోని అట్టమీద వేయకపోవడమే ఫొటోకి చేసే న్యాయం.

రెండో కారణం చెప్పడం కష్టం, ఎందుకంటే నవ్వుతున్న ముఖం ఉన్న ఫొటోని కాదనాలి. మనిషి కళ్లు మనవైపు చూస్తుంటే కొట్టు ముందు నడిచిపోతున్నవాడు కూడా ఆగుతాడని పత్రికల వాళ్లందరికీ తెలుసు. 1985 జూన్‌లో అదే పత్రిక అట్టమీద వచ్చిన అఫ్గాన్ బాలిక ముఖం దానికి జగమెరిగిన ఉదాహరణ. స్టీవ్ మెక్‌కర్రీ ఆ ఫొటో పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గరి నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరంలో 1984లో తీశారు. ఆయన తరవాత చెప్పినదాని ప్రకారం, ఆ అమ్మాయి ముఖాన్ని కొంత కప్పుకుని ఉన్న మరో ఫొటో వైపు పత్రికలోని ఫొటో ఎడిటర్ మొగ్గుచూపారు. సూటిగా చూస్తున్న ఫొటో మనసుని మరీ కలవరపెడుతుందని ఆ ఎడిటర్ అభిప్రాయం. ప్రధాన సంపాదకుడు బిల్ గారెట్ రెండూ చూసి, ఆ కలవరపెట్టేదాన్నే ఎంచుకున్నారు. శరణార్థుల కథనానికి ఆ చూపుకి మించిన పరిచయం దొరకదు.

పోచంపల్లి కథనానికి ఈ సూత్రం పనిచెయ్యదు. చీర పట్టుకుని నవ్వుతున్న ముఖం అట్టమీద ఉంటే పాఠకుడు పట్టుచీరల ప్రత్యేక సంచిక అనుకుంటాడు. లోపల తెరిస్తే భుజం నొప్పి, కూలి రేటు, కంటిచూపు కనిపిస్తాయి. అట్ట ఒకటి చెప్పి లోపలి కథ మరోటి చెబితే పాఠకుడికి కోపం వస్తుంది, దాంట్లో తప్పులేదు. ఉత్తరంలో ఎడిటర్ రాయవలసిన వాక్యం ఇలా ఉంటుంది: "మీ రెండో ఫొటో చీర గురించి చెబుతోంది. మన కథనం చీర పుట్టకముందు జరిగే పని గురించి." దానితోపాటు అచ్చు సంగతి కూడా ఉంది. నెమలికంఠం నీలంలో ఆ మెరుపు కంప్యూటరు తెర మీద వెలుగుతో వస్తుంది. కాగితం మీద నాలుగు సిరాల కలయికతో అంత నిగారింపు రాదు, కాస్త మసకబారుతుంది. తెర మీద చూసి ఎంపిక చేసి, ప్రూఫ్ చూశాక నిట్టూర్చడం కంటే, ఆ సంగతి ఉత్తరంలో ముందే చెప్పడం నయం.

ఇక అలుక్కుపోయిన చెయ్యి సంగతి. కొట్లో ఈ అట్ట చూసినవాడు ఫొటో చెడిపోయిందనుకోడా అని ఎవరైనా అడుగుతారు. ఎడిటర్ దాన్ని తేల్చుకునే పద్ధతి ఉంది. ఫొటోని వందకి వంద శాతం పెద్దది చేసి మేకుల వైపు చూడాలి. మేకుల అంచులు, గోడ మీది పెచ్చులు, ఆమె ముక్కుపుడక స్పష్టంగా ఉండి, చెయ్యి ఒక్కటే మసకగా ఉంటే కెమెరా కదలలేదన్నమాట. కదిలింది చెయ్యే. షటర్ వేగం సెకనులో పదిహేనో వంతు దాకా తగ్గించి, కెమెరాని స్టాండు మీద నిలిపి తీస్తే ఇలా వస్తుంది. ముక్కుపుడక కూడా చెదిరి ఉంటే ఆ ఫొటోని పక్కన పెట్టాల్సిందే. ఈ ఫొటోలో ముక్కుపుడక మీది చిన్న మెరుపు కూడా చుక్కలా నిలిచి ఉంది. వేలసార్లు కదిలే చెయ్యి ఒక్క ఫొటోలో కనిపించాలంటే ఇంతకంటే మార్గం లేదు. ఉత్తరంలో ఎక్కువ స్థలం దీనికే ఇవ్వాలి, ఎందుకంటే ఫొటోగ్రాఫర్ కావాలని చేసిన పని ఇది, దాన్ని ఎవరో గుర్తించారని అతనికి తెలియాలి.

ఎంపిక చెప్పాక ఉత్తరంలో వ్యవహారం మొదలవుతుంది. ముందు ఫైల్. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవైన వైపు సుమారు 1,600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. అచ్చులో అది అయిదుంపావు అంగుళాలకి మించి నిలవదు, అట్ట ఎత్తులో సగం కూడా కాదు. అందుకే అసలు ఫైల్‌ని ఈమెయిల్ లింకుతోనో, వాట్సాప్‌లోనైతే డాక్యుమెంటుగానో పంపమని స్పష్టంగా అడగాలి. ఆ తరవాత ఆసు పోస్తున్న పెద్దామె సంగతి. లోపలి పేజీలో చిన్న ఫొటో వేరు, అట్టమీద నిలువెత్తున పడడం వేరు. ఆమెకి ఈ సంగతి చెప్పారా, సమ్మతించిందా అని అడగాలి.

హక్కుల మాట అన్నిటికంటే ముఖ్యం, అక్కడే ఎక్కువ ఉత్తరాలు నోరు మెదపవు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఫొటోగ్రాఫర్ తనంతట తాను తీసుకున్న ఫొటోకి హక్కుదారు అతనే. పత్రిక డబ్బిచ్చి ఫలానాది తీసుకురమ్మని పురమాయించి తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు పత్రికది అవుతుంది. కాబట్టి ఈ మూడు ఫొటోలూ ఏ కోవలోకి వస్తాయో ఉత్తరంలో రాసి ఉండాలి. వాడుకోవడానికి అనుమతి హక్కుదారు రాతపూర్వకంగా ఇవ్వాలి. అంటే ఎడిటర్ ఉత్తరం ఒక్కటే చాలదు, ఫొటోగ్రాఫర్ తిరుగు జవాబు కూడా కావాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగా, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశానికి పరిమితంగా చట్టం భావిస్తుంది. "ఈ సంచిక అట్టమీద ఒక్కసారి, అదే సంచిక డిజిటల్ ప్రతిలో, ఇంత పారితోషికానికి" అని రాస్తే ఇద్దరికీ గొడవలేదు. రెండేళ్ల తరవాత అదే ఫొటో ఏ క్యాలెండరు మీదో కనిపించి ఫొటోగ్రాఫర్ ఉలిక్కిపడే అవసరం రాదు.

మిగిలిన రెండు ఫొటోల మాట కూడా తేల్చాలి. నవ్వుతున్న ఫొటోని వెంటనే వదిలేస్తున్నట్టు, మరో పత్రికకి ఇచ్చుకోవచ్చని రాయాలి. తేల్చకుండా నెలల తరబడి అట్టిపెట్టుకుంటే అతని సంపాదన పోయినట్టే. మగ్గం ఫొటోని మాత్రం ఎడిటర్ వదలడు. లోపల ఎదురెదురు పేజీల మీద పరిచి వెయ్యాలని ఆశ. అడ్డం ఫొటోకి అదే సరైన చోటు. ఒక్కటే చిక్కు, నేతగాడి ముఖం సరిగ్గా రెండు పేజీలు కలిసే మడత దగ్గర పడుతోంది, కుట్టు లోపలికి పోతుంది. అందుకే ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంటుంది: "అదే మగ్గం దగ్గర, అదే వెలుతురులో తీసినవాటిలో, నేతగాడు కొంచెం ఎడమకి ఉన్న ఫొటో మీ దగ్గర ఏదైనా ఉందా? ఉంటే శుక్రవారంలోగా పంపగలరా?"