ఇంటిపేరు ముందా, వెనకా?

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం కోసం ఓడించిన చైనా క్రీడాకారిణి హె బింగ్‌జియావ్. ఇందులో ఇంటిపేరు ‘హె’. మన పూసర్ల వెంకట సింధు మాదిరే ఆమెకూ ఇంటిపేరే ముందు.

చైనా పేర్లలో ఇంటిపేరుకు సాధారణంగా ఒకటే అక్షరం, సొంత పేరుకు ఒకటో రెండో. షీ జిన్‌పింగ్‌లో షీ వంశం పేరు. కాబట్టి ‘అధ్యక్షుడు జిన్‌పింగ్’ అంటే దేశాధినేతను చనువుగా పిలిచినట్టే! మన పత్రికల్లో ఇది తరచూ కనిపిస్తుంది. యావ్ మింగ్‌లో రెండూ పొట్టివే గనుక ఈ లెక్క తేల్చదు. ఓయాంగ్, సిమా లాంటి రెండక్షరాల ఇంటిపేర్లూ కొన్ని ఉన్నాయి. ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ లాగా పాశ్చాత్య పేరు పెట్టుకుంటే ఇంటిపేరు చివరికి పోతుంది.

కొరియా పేర్లలో చిన్న గీత సాయపడుతుంది. బాన్ కి-మూన్‌లో గీత కలిపిన రెండూ సొంత పేరు, విడిగా ఉన్నది ఇంటిపేరు.

చిక్కంతా జపాన్‌తోనే. అక్కడ రెండు భాగాలూ పొడవే. పైగా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు క్రమం తిప్పేయడం మేజీ కాలం నుంచీ అలవాటు. అందుకే లోకానికి షింజో అబే అయిన మాజీ ప్రధాని సొంత దేశంలో అబే షింజో. 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వం ఇంగ్లిష్ పత్రాల్లోనూ ఇంటిపేరునే ముందు రాస్తోంది. విదేశీ పత్రికలు చాలావరకు పాత పద్ధతినే పట్టుకున్నాయి.

తేలకపోతే పెద్దక్షరాలు చూడాలి. బ్యాడ్మింటన్ జాబితాల్లో HE Bing Jiao, PUSARLA V. Sindhu అని ఉంటుంది. పెద్దక్షరాల్లో ఉన్నదే ఇంటిపేరు.