రాసినదాంట్లోంచి తేలేదెంత?

సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరును అందరూ సీశాట్ అంటారు. 2011లో వచ్చిన ఈ పేపరు 2015 నుంచి కేవలం అర్హత పరీక్ష. 200 మార్కులకు 33 శాతం తెచ్చుకుంటే చాలు, ర్యాంకులో దీని లెక్క ఉండదు. అయినా మొదటి పేపరు బాగా రాసినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతుంటారు. గణితంతో పాటు వాళ్లను ఇబ్బంది పెట్టేవి పాసేజీ ప్రశ్నలు, అందులోనూ ‘ఈ పాసేజీ నుంచి అత్యంత తార్కికంగా తేలే విషయం ఏది?’ అని అడిగేవి. ఒక్కో ప్రశ్నకు 2.5 మార్కులు, తప్పు రాస్తే అందులో మూడో వంతు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇబ్బందంతా భాషదే అనుకుంటారు. భాష కొంత కారణమే. కానీ ఇవే ప్రశ్నలు తెలుగులో ఇచ్చినా చాలామంది తప్పు గుర్తిస్తారు. ఎందుకో తెలియాలంటే ఒక ప్రశ్నను దగ్గరగా చూడాలి. ఈ నమూనా పాసేజీ చదవండి.

“ఒక మండలంలో పదేళ్లలో బోర్ల సంఖ్య రెట్టింపయింది. ఇదే కాలంలో చాలా ఊళ్లలో వ్యవసాయ బావులు సంక్రాంతి నాటికే ఎండిపోవడం మొదలైంది. బోర్లున్న రైతుల్లో ఎక్కువమంది రెండో పంట వేస్తున్నారు. బావులనే నమ్ముకున్న చిన్న రైతుల్లో కొందరు వానాకాలం పంటతోనే సరిపెట్టుకుంటున్నారు. చెరువు పూడిక తీసిన మూడు ఊళ్లలో మాత్రం బావుల్లో మే నెల దాకా నీళ్లుంటున్నాయి.”

దీన్నుంచి తేలేది ఏది?

1. బోర్లు పెరగడం వల్లే బావులు ఎండిపోయాయి.
2. బావుల కింద సాగు చేసే చిన్న రైతుల్లో కొందరు రెండో పంట కూడా వేస్తున్నారు.
3. బావుల్లో నీళ్లు నిలవాలంటే చెరువుల పూడిక తీయడం ఒక్కటే మార్గం.
4. మండలంలోని బావులన్నీ ఒకే సమయానికి ఎండిపోవడం లేదు.

మొదటిది చూడగానే చేయి అటే వెళుతుంది. బోర్లు వేస్తే బావులు ఎండిపోవడం మన పల్లెల్లో కళ్లారా చూసిన సంగతే. కానీ పాసేజీ రెండు విషయాలు ఒకే కాలంలో జరిగాయని మాత్రమే చెప్పింది. ఒకటి రెండోదానికి కారణమని ఎక్కడా అనలేదు. ఆ పదేళ్లూ వానలు తగ్గి ఉండొచ్చు. వాగులో ఇసుక తవ్వేయడంతో నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు. బావులు ఎండిపోయాకే రైతులు బోర్లకు దిగి ఉండొచ్చు. వీటిలో ఏది జరిగినా పాసేజీలోని ప్రతి వాక్యం నిజంగానే ఉంటుంది, మొదటి ఆప్షన్ మాత్రం అబద్ధమవుతుంది. నమ్మకంగా వాడుకోదగ్గ పరీక్ష ఇదే: పాసేజీ మొత్తం నిజమై, ఆప్షన్ అబద్ధమయ్యే పరిస్థితి ఒక్కటి ఊహించగలిగినా ఆ ఆప్షన్‌ను వదిలేయాలి. విషయం తెలిసినవాళ్లు ఇక్కడ ఎక్కువగా పొరపడతారు. తమకు తెలిసినదాన్నీ పాసేజీ చెప్పినదాన్నీ కలిపేసుకుంటారు.

రెండో ఆప్షన్ ఇంకా చిక్కైనది. ‘కొందరు ఒక్క పంటతో సరిపెట్టుకుంటున్నారు’ అంటే మిగతావాళ్లు రెండో పంట వేస్తున్నట్టే కదా అనిపిస్తుంది. మాటల్లో మనం అలాగే అర్థం చేసుకుంటాం. పెళ్లికి కొందరు చుట్టాలు వచ్చారంటే అందరూ రాలేదనే అనుకుంటాం. హెచ్.పి. గ్రైస్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1967లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సంగతే విశ్లేషించారు. ఎదుటివారు తమకు తెలిసినంతా, అవసరమైనంతా చెబుతున్నారన్న నమ్మకంతో వింటాం కాబట్టి, చెప్పని భాగాన్ని మనమే పూరించుకుంటాం. అలా పూరించుకున్న అర్థాన్ని చెప్పినవారే రద్దు చేయగలరని కూడా ఆయన గుర్తించారు. ‘కొందరు వచ్చారు, ఆ మాటకొస్తే అందరూ వచ్చారు’ అంటే అందులో వైరుధ్యమేమీ లేదు. మన పాసేజీలోనూ అంతే. కొందరి సంగతి చెప్పిన రచయిత మిగతావారి గురించి నోరు విప్పలేదు. వాళ్లూ ఒక్క పంటే వేస్తుండొచ్చు, అసలు సాగే మానేసి ఉండొచ్చు. నలుగురిలో మాట్లాడేటప్పుడు తెలివి అనిపించుకునే ఈ అలవాటు పరీక్షలో మార్కులు పోగొడుతుంది.

మూడోది ‘ఒక్కటే’ అన్న మాట దగ్గర పడిపోతుంది. మూడు ఊళ్లలో పూడిక తీశారు, అక్కడ నీళ్లున్నాయి. అంతవరకే మనకు తెలిసింది. ఇంకే దారీ లేదనడానికి పాసేజీలో ఆధారం లేదు. ఇలాంటివి చూసి కొందరు ఒక సూత్రం పెట్టుకుంటారు: ‘అన్నీ’, ‘ఎప్పుడూ’, ‘ఒక్కటే’ లాంటి మాటలుంటే ఆ ఆప్షన్ కొట్టేయడమే. ఈ సూత్రం ఇక్కడే బోల్తా కొడుతుంది. నాలుగో ఆప్షన్‌లో ‘అన్నీ’ ఉంది, సరైన జవాబు అదే. ‘బావులన్నీ ఒకే సమయానికి ఎండిపోతున్నాయి’ అనడం పెద్ద వాదన. ‘ఎండిపోవడం లేదు’ అని తిప్పేసరికి అది చాలా చిన్న వాదన అవుతుంది. తేడా ఉన్న బావి ఒక్కటి కనిపించినా అది నిలబడుతుంది. చాలా ఊళ్లలో సంక్రాంతికి, మూడు ఊళ్లలో మే తర్వాత అని పాసేజీయే చెబుతోంది. ఈ రెండు వాక్యాలనూ నిజమనుకుంటే నాలుగో ఆప్షన్‌ను అబద్ధం చేసే మార్గం లేదు. మాటను చూసి కాదు, వాక్యం మొత్తం ఎంత పెద్ద సంగతి చెబుతోందో చూసి తేల్చుకోవాలి.

అయినా చాలామంది నాలుగోదాన్ని దాటిపోతారు. ఇంత మామూలు సంగతి జవాబెలా అవుతుందని వారి అనుమానం. తేలే విషయం గొప్పగా ఉండనక్కర్లేదు, పాసేజీలో విడివిడిగా ఉన్న రెండు వాక్యాలను కలిపితే తప్పకుండా వచ్చేదైతే చాలు.

ఇదే పేపరులో పాసేజీ వెనకున్న ఊహను అడిగే ప్రశ్నలూ వస్తాయి. రెండింటినీ ఒకే పద్ధతిలో చేయకూడదు. మన పాసేజీ చివర ‘కాబట్టి మిగతా ఊళ్లలోనూ పూడిక తీస్తే బావుల్లో వేసవి దాకా నీళ్లుంటాయి’ అని రచయిత ముగించారనుకుందాం. ఆ ముగింపు నిలవాలంటే, నేలలోనూ వానలోనూ ఆ మూడు ఊళ్లకూ మిగతావాటికీ పెద్ద తేడా లేదని ఆయన మనసులో అనుకుని ఉండాలి. పైకి చెప్పకపోయినా వాదన దాని మీదే ఆధారపడింది. ఈ రకం ప్రశ్నకు ఆప్షన్‌ను తిరగేసి చూడాలి. ‘ఆ మూడు ఊళ్ల నేల వేరే రకం’ అనగానే ముగింపు కూలిపోతే అది రచయిత ఊహే. తేలే విషయం పాసేజీలోంచి ముందుకు వస్తుంది. ఊహ పాసేజీకి అడుగున ఉంటుంది.

అన్ని ప్రశ్నలూ ఇంత నికరంగా తేలవు. ‘అత్యంత తార్కికమైనది’ అని అడిగినప్పుడు నాలుగు ఆప్షన్లలో ఏదీ పూర్తిగా రుజువు కాకపోవచ్చు. అప్పుడు ప్రతి ఆప్షన్ పక్కనా, అది నిజం కావాలంటే మనం బయటి నుంచి ఏమేం చేర్చాలో రాసుకోవాలి. మన మొదటి ఆప్షన్‌కు వానలు తగ్గలేదని, ఇసుక తవ్వలేదని, బోర్లే ముందు వచ్చాయని మూడు చేర్చాల్సి వచ్చింది. తక్కువ చేర్చవలసినదే జవాబు. రెండు ఆప్షన్లు సమానంగా మిగిలితే ప్రశ్నను మళ్లీ చదవండి. అడిగింది తేలే విషయమా, ఊహా, లేక రచయిత చెప్పదలచిన ముఖ్య సందేశమా అన్నది అక్కడ స్పష్టంగా ఉంటుంది. ఆ తేడా పట్టుకుంటే రెండింటిలో ఒకటి చాలాసార్లు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.