అంచు మీద స్టిక్కర్ పడకుండా

మంగళగిరి నేత చీర కొనేవాళ్ల చూపు ముందుగా అంచు మీదికే పోతుంది. చీర మధ్య భాగం సాదాగా ఉంటుంది కాబట్టి నేతగాడి పనితనమంతా ఆ నిజాం అంచులో, కొంగులో కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ‘20 శాతం తగ్గింపు’ అనే ఎర్ర గుండ్రటి స్టిక్కర్ పడిందనుకోండి, కొనాలనుకున్నవాళ్లకు కావలసిందే కనిపించదు. “అంచు సరిగ్గా కనబడటం లేదు, ఇంకో ఫోటో పెట్టండి” అని అడిగేవాళ్లు కొందరే. మిగతావాళ్లు అడగకుండానే పక్క చీరకు వెళ్లిపోతారు.

చీరను మామూలుగా ఫోటో తీసి, దాన్ని ఏఐ టూల్‌కి ఇచ్చి, వెనక సున్నపు గోడో రాతి అరుగో ఉన్నట్టు బొమ్మ చేయించుకోవడం చిన్న వ్యాపారులకు కూడా ఇప్పుడు అలవాటైంది. తప్పు మొదలయ్యేది ఆ బొమ్మలోనే ధర ట్యాగు, డిస్కౌంట్ గుర్తు, ‘కొత్త స్టాక్’ స్టిక్కర్ కూడా వేసి పెట్టమని అడిగినప్పుడు. ఆ టూల్ అక్షరాలను రాయదు, వాటి ఆకారాలను గీస్తుంది. అందుకే 1,280 రూపాయలు కాస్తా 1,230 కావచ్చు. తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయే ప్రమాదం మరీ ఎక్కువ. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. స్టిక్కర్, చీర ఒకే బొమ్మలో కలిసిపోతాయి. ఆఫర్ అయిపోయాక స్టిక్కర్ తీసేద్దామంటే దాని కింద చీరే లేదు. ఆ జాగాలో టూల్ మళ్లీ ఏదో అంచు ఊహించి గీస్తుంది. అది మీరు అమ్మే చీర అంచు కాదు.

కాబట్టి పనిని రెండుగా విడదీయాలి. ఏఐ టూల్‌తో స్టిక్కర్లు లేని బొమ్మ మాత్రమే చేయించాలి, ధరలూ గుర్తులూ ఆ తర్వాత విడి లేయర్‌గా మనం వేసుకోవాలి. బొమ్మ అడిగేటప్పుడే వాటికి చోటు మిగిల్చుకోవాలి. ‘చీర మీద ఏమీ పడనివ్వద్దు’ అని రాస్తే పెద్దగా పనిచేయదు, ఈ టూల్స్ ‘వద్దు’ అన్న మాటను తరచూ పట్టించుకోవు. ‘మడత పెట్టిన చీర కింద ఎడమ వైపు, కుడి పై మూల అంతా ఖాళీ గోడ’ అని ఏది ఎక్కడ ఉండాలో చెబితే మాట వింటాయి.

తర్వాత చీర ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో కొలుచుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే టూల్ ఏదైనా చీరను ఒక్కదాన్నే కత్తిరించి ఇస్తుంది. ఆ కత్తిరింపు ఆకారాన్ని మాస్క్ అంటారు. చీర ఉన్న ప్రతి పిక్సెల్ తెల్లగా, లేనిచోట నల్లగా ఉండే పటం అది. స్టిక్కర్ పడే చోట ఆ పటంలో ఒక్క తెల్ల చుక్క కూడా ఉండకూడదు. నియమం ఇంతే.

ఒక లెక్క చూద్దాం. బొమ్మ 1080 పిక్సెళ్ల చదరం. చీర ఎడమ నుంచి 150 దగ్గర మొదలై 950 దాకా, పై నుంచి 130 దగ్గర మొదలై 990 దాకా ఉంది. డిస్కౌంట్ గుర్తు 200 పిక్సెళ్ల గుండ్రం, చుట్టూ 24 పిక్సెళ్ల ఎడం కావాలి. అంటే 248 పిక్సెళ్ల చదరపు చోటు. చీర చుట్టూ పెట్టె గీసి చూస్తే పైన ఉన్నది 130 మాత్రమే, ఏ మూలా చాలదు. కానీ చీర పెట్టె ఆకారంలో ఉండదు కదా! ఈ బొమ్మలో కొంగు ఎడమ పై నుంచి కుడి కిందికి వాలుగా పరుచుకుంది, కుడి పై మూలలో మాస్క్ అంతా నలుపే. గుర్తు అక్కడ హాయిగా పడుతుంది.

ధర పట్టీ 320 వెడల్పు, 100 ఎత్తు. పైనా కిందా ఎడంతో కలిపి 148 ఎత్తు కావాలి. చీర కింద మిగిలింది 90. ఇక్కడ చాలామంది పట్టీని కాస్త చీర మీదికి జరిపేస్తారు. అలా చేయకుండా చీరనే 90 శాతానికి తగ్గించండి. 860 ఎత్తు 774 అవుతుంది, పై అంచును 130 దగ్గరే ఉంచితే చీర 904 దగ్గర ముగుస్తుంది. కింద 176 పిక్సెళ్లు దొరికాయి. చీర కొద్దిగా చిన్నదైనా అంచు మొత్తం కనిపిస్తుంది. ఇలా తగ్గించాలంటే వెనక గోడ కత్తిరించిన చీరకు విడిగా ఉండాలి. గోడను పొడిగించమని ఏఐ టూల్‌ని అడిగితే అది చీర అంచుల్ని కూడా ముట్టుకోవచ్చు, అందుకే పొడిగించాక అసలు చీర కత్తిరింపును మళ్లీ పైన అతికించాలి.

80 శాతానికి తగ్గించినా చోటు దొరకకపోతే చీరను ఇంకా కుదించకండి. ముందు ‘కొత్త స్టాక్’ తీసేయండి, తర్వాత డిస్కౌంట్ గుర్తు. ధర ఒక్కటి మిగిలితే చాలు.

నగల దగ్గర మాస్క్ మోసం చేస్తుంది. గాజు మధ్యలో ఉన్న ఖాళీ, హారం లోపలి ఖాళీ పటంలో నల్లగానే ఉంటాయి. కంప్యూటర్‌కి అది ఖాళీ చోటు, స్టిక్కర్‌ని తీసుకెళ్లి గాజు నడుమ పెడుతుంది. లెక్క ప్రకారం తప్పు లేదు, చూడటానికి మాత్రం గాజు మూతపడినట్టే. నగ చుట్టూ రబ్బరు బ్యాండు బిగించినట్టు బయటి గీత గీసి, దాని లోపలున్నదంతా నగేనని చెప్పాలి. చీరకు ఎదురు సమస్య ఉంది. కొంగు కుచ్చుల్లోని సన్నటి పోగులు మాస్క్‌లోకి రావు, గోడలో కలిసిపోతాయి. అందుకని మాస్క్‌ను అన్ని వైపులా ఓ 10, 15 పిక్సెళ్లు ఉబ్బించి వాడాలి. మోడల్ కట్టుకున్న చీరైతే ఆమె ముఖం, చేతులు కూడా ముట్టకూడని చోట్లే.

ఈ లెక్కలు వద్దనుకునేవారికి లేయర్ల వరస ఒక్కటే చాలు. అన్నిటికంటే కింద గోడ, దాని పైన స్టిక్కర్లు, అన్నిటికంటే పైన కత్తిరించిన చీర. ఈ వరసలో స్టిక్కర్ చీర మీద పడే వీలే ఉండదు, తగిలితే స్టిక్కరే తెగి కనిపిస్తుంది. తెగిందంటే జరపాలని అర్థం. కత్తిరింపులో రాని కుచ్చుల్ని మాత్రం కంటితో చూసుకోవాలి.

బొమ్మ నిలువుగా 1080, 1350 కొలతల్లో ఉంటే ఇంకో జాగ్రత్త. మధ్య భాగాన్ని చదరంగా కత్తిరించి చూపించే చోట పైన 135, కింద 135 పిక్సెళ్లు పోతాయి. ధర పట్టీ అక్కడ ఉంటే దానితోపాటే పోతుంది. మూలలకు తోసేయడం ఎప్పుడూ క్షేమం కాదన్నమాట. పంపేముందు బొమ్మను బొటనవేలి గోరంత చేసి ధర చదవండి. చదవలేకపోతే అంకెలు పెద్దవి చేసి మాటలు తగ్గించండి.

ఇదంతా మీ వాట్సాప్ గ్రూపులకు, ఇన్‌స్టాగ్రామ్‌కు, కరపత్రాలకు పనికొస్తుంది. అమెజాన్‌లో పెట్టే మొదటి ఫోటోకు మాత్రం దారి వేరు. అక్కడ వెనక అచ్చ తెలుపు ఉండాలి, వస్తువు బొమ్మలో 85 శాతం నిండాలి, రాతలు, గుర్తులు ఏవీ ఉండకూడదు. గూగుల్ షాపింగ్ కూడా ప్రచార రాతలున్న ఫోటోలను ఒప్పుకోదు. స్టిక్కర్లు లేని మూల బొమ్మను విడిగా దాచి ఉంచండి, గూగుల్‌లో పెట్టాల్సింది అదే, అమెజాన్‌కు మాత్రం కత్తిరించిన చీరను అచ్చ తెలుపు మీద పెట్టాలి.