మొత్తం దాటినా ర్యాంకు రాదేటి?

మా చోడవరంలో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే పిల్లలు నన్నడిగేది ఒకటే: "మొత్తం ఎన్ని మార్కులొస్తే ర్యాంకొస్తాది?" గీత ఒకటి కాదర్రా, రెండు. 2025లో కామన్ ర్యాంకు జాబితాకి 360కి 74 రావాల. దాంతోపాటు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడింట్లోనూ 120కి కనీసం 7 చొప్పున రావాల.

ఒకడికి లెక్కల్లో 40, ఫిజిక్సులో 30, కెమిస్ట్రీలో 6 వచ్చాయనుకోండి. మొత్తం 76. పెద్ద గీత దాటేసాడు గానీ ర్యాంకు లేదు. ఆ 6 ఎలాగొచ్చింది? మూడు మార్కుల ప్రశ్నలు మూడు కరెక్టు, మూడు తప్పు. 9లోంచి 3 కోసేసారు. తెలీని మూడూ వదిలేస్తే 9 ఉండిపోను.

అలాగని మూడింట్లోనూ ఏడేసి తెచ్చుకుంటే 21 అవుతాది. 74కి ఇంకా 53 కావాల.

ఒక్కో పేపరుకి మూడు గంటలు. సబ్జెక్టుకింతని టైము కట్టెయ్యరు, అందుకే వచ్చిన సబ్జెక్టులోనే పొద్దు గడిచిపోతాది. రాని సబ్జెక్టులో ముందుగా అంకె జవాబు ప్రశ్నలు పట్టుకోవాల. 2025లో అవి ఒక్కోటి 4 మార్కులు, తప్పైనా కోత లేదు. రెండు పేపర్లలో కలిపి రెండు కరెక్టయితే 8. మిగతావి గుడ్డిగా పెట్టి పోగొట్టుకోకపోతే చిన్న గీత దాటినట్టే.