కుక్క కరిస్తే టీకాతో పాటు అడగాల్సిన ఇంజెక్షన్



తాండూరులో ఆదివారం సాయంత్రం మీ పాపను కుక్క కరిచి రక్తం వచ్చిందనుకుందాం. ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం పెట్టకండి. మన వీధి కుక్కే కదా అని తెల్లవారేదాకా ఆగకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. ఆ రాత్రే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు. టీకాతో ఒంట్లో రక్షణ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆలోగా వైరస్ నరాల్లోకి చేరకుండా గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు. డాక్టరుగారిని మొదటి రోజే అడగండి. అక్కడ లేకపోతే టీకా వేయించి, ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని బయల్దేరండి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. మొదటి టీకా తర్వాత 7 రోజులు దాటితే అది ఇవ్వరు.

చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. ఆదివారం మొదలైతే బుధవారం, వచ్చే ఆదివారం, ఆపైన మూడు వారాలకు చివరిది. బుధవారం యూనిట్ టెస్ట్ ఉన్నా సరే, పాపను తీసుకెళ్ళండి. పరీక్ష మళ్ళీ పెడతాం.