రేజర్ తర్వాత వచ్చే పొక్కులు

శనివారం స్నానానికి ముందు జననాంగాల దగ్గర వెంట్రుకలు నున్నగా గీసుకున్న ఓ కుర్రాడి సంగతి తీసుకుందాం. సోమవారం కల్లా దురద, మంగళవారం ఎర్రటి పొక్కులు. ఇంట్లో చెప్పుకోలేడు. ఒంట్లో వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతాడు. మజ్జిగ మంచిదే గానీ, ఇక్కడ తప్పు వేడిది కాదు, రేజర్ పట్టిన తీరుది.

ఆ చోట వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. చర్మాన్ని లాగిపట్టి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టానికన్నా కిందకి తెగుతుంది. చర్మం వదలగానే వాడి మొన లోపలికి జారుతుంది. మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్క చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒళ్లు దాన్ని ముల్లు దిగినట్టే భావించి వాపు తెస్తుంది. పొక్కు మధ్యలో నల్లచుక్కో, చుట్టుకున్న వెంట్రుకో కనిపిస్తే ఇదే. చాలాసార్లు ఇందులో క్రిమి ఉండదు, కాబట్టి యాంటీబయాటిక్‌తో పనీ ఉండదు.

మనవాడు బుధవారం వాటిని గోళ్లతో నొక్కాడు. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ బాక్టీరియాకు దారి దొరికింది. వెంట్రుక కుదురులో చీము పట్టిన ఈ చిన్న పొక్కులే ఫాలిక్యులైటిస్. లోతుకు దిగితే సెగగడ్డ. శుక్రవారానికి కాళ్లు దగ్గరగా వేసి నడవలేకపోయాడు.

ఇప్పుడు చేయాల్సింది కాపడం. ఓర్చుకోగలిగినంత వెచ్చని నీటిలో శుభ్రమైన గుడ్డ ముంచి, పిండి, 10-15 నిమిషాలు పెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. నొక్కడం, సూదితో పొడవడం వద్దు. పగిలి చీము కారితే కడిగి గాజుగుడ్డ కప్పాలి, తువ్వాలు ఎవరితోనూ పంచుకోకూడదు. వదులు నూలు లోదుస్తులు వేసుకోవాలి, పొక్కులన్నీ అణిగేదాకా రేజర్ ముట్టకూడదు. తర్వాత కూడా ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. ఆపరేషన్‌కు ముందు సైతం రేజర్‌తో గీయవద్దనీ, తప్పనిసరైతే క్లిప్పర్ వాడమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది.

మందుల షాపులో అడిగితే తరచుగా చేతిలో పెట్టేది స్టెరాయిడ్ కలిసిన క్రీమ్. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, నమ్మకం కుదురుతుంది. కానీ గజ్జల్లో చర్మం పలుచన, మందును ఎక్కువగా పీలుస్తుంది. వాడగా వాడగా చర్మం ఇంకా పలచబడి చారలు పడతాయి, లోపలున్న ఇన్ఫెక్షన్ ముసుగేసుకుని పెరుగుతుంది.

గడ్డ వారంలో తగ్గకపోయినా, మెత్తబడి లోపల చీము కదులుతున్నట్టున్నా డాక్టరు చిన్న గాటు పెట్టి తీయాలి. గడ్డలు పదేపదే వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. చంకల్లో, గజ్జల్లో కూడా వచ్చి మచ్చలు, సొరంగాల్లాంటి దారులు ఏర్పడుతుంటే అది హైడ్రాడినైటిస్ అనే వేరే జబ్బు, చర్మవైద్యులు చూడాలి. నీటిపొక్కుల గుత్తి గానీ, నొప్పి లేని పుండు గానీ కనిపిస్తే రేజర్ మీద నెట్టేయకండి, సుఖవ్యాధి పరీక్ష అవసరం. జ్వరం, గంటగంటకూ పాకే ఎరుపు, కనిపించే గడ్డకు మించిన నొప్పి, చర్మం నల్లబడటం – ఇవి, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ గుర్తులు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.